వెనక సగం చదవాలి: ద్విరుక్త, అనుకరణ పదాల మీద ఒక పది బిట్ల పత్రం

కావలిలో టెట్, డీఎస్సీలకు చదువుతున్న ఒక అభ్యర్థి జవాబు పత్రం ఇది. తెలుగు వ్యాకరణంలో ద్విరుక్త పదాలు, అనుకరణ పదాల మీద మాత్రమే కూర్చిన పది బిట్లు. అయిదు ఒప్పు, అయిదు తప్పు. సంధులు, సమాసాలు బాగా చదివిన మనిషే, సూత్రాలు అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ఇక్కడ మాత్రం సగానికి సగం పోయాయి. పోయిన అయిదూ వేరువేరు పాఠాల్లోవి అనిపిస్తుంది గానీ, ఒక్కొక్క దాని దగ్గర ఆమె ఏం ఆలోచించి టిక్ పెట్టిందో కూర్చుని అడిగితే వాటిలో మూడింటికి మూలం ఒక్కటే అని తేలింది. నాలుగో బిట్‌ది వేరే కథ, అయిదో బిట్ ఆ మూలానికి దగ్గరి చుట్టం.

ముందు పోయిన బిట్లు చూద్దాం.

రెండో బిట్: కింది వాటిలో ద్విరుక్త పదం కానిది ఏది? (1) వేడివేడి (2) ఇంటింటికి (3) జలజల (4) పట్టపగలు. ఆమె పెట్టింది 4. కీ 3.

నాలుగో బిట్: అనుకరణ పదం ఉన్న వాక్యం ఏది? (1) బిన్నాబిన్నా నడవండి, బస్సు పోతుంది. (2) ఊరూరా తిరిగి పొగాకు కొన్నారు. (3) చేపల పులుసు కుతకుతా ఉడుకుతోంది. (4) ఏటేటా తిరునాళ్ల జరుగుతుంది. ఆమె పెట్టింది 1. కీ 3.

అయిదో బిట్: ఆమ్రేడిత సంధికి ఉదాహరణ ఏది? (1) గలగల (2) చిన్నచిన్న (3) అప్పుడప్పుడు (4) చెట్టుచేమ. ఆమె పెట్టింది 2. కీ 3.

ఏడో బిట్: ‘పట్టపగలు’ పదాన్ని విడదీస్తే? (1) పట్ట + పగలు (2) పగలు + పగలు (3) పట్టు + పగలు (4) పగ + పగలు. ఆమె పెట్టింది 1. కీ 2.

ఎనిమిదో బిట్: ధ్వనిని అనుకరించని పదం ఏది? (1) గలగల (2) కిచకిచ (3) తళతళ (4) గణగణ. ఆమె పెట్టింది 4. కీ 3.

రెండో బిట్ దగ్గర మాస్టారికీ ఆమెకీ జరిగిన మాటలు ఇవి.

“జలజలను ఎందుకు వదిలేశావమ్మా?”

“జలం అంటే నీళ్లు కదండీ. అర్థం ఉంది కాబట్టి ద్విరుక్తం అనుకున్నా. పట్టపగల్లో రెండు సగాలూ ఒకటి కావు, అందుకని అది కాదనుకున్నా సార్.”

“మరి గణగణ?”

“గణం అంటే గుంపు. అందుకే అది శబ్దం కాదనుకున్నా.”

ఆమెకు తెలిసిన నియమం తప్పు కాదు. అర్థం ఉన్న మాటను రెండుసార్లు అంటే ద్విరుక్తం. అర్థం లేని ధ్వనిని రెండుసార్లు అంటే అనుకరణ. చాలా గైడ్లలో ఉన్నది ఇంతే. అయితే ఆ నియమాన్ని ఆమె ప్రతిసారీ పదం ముందు సగానికి పట్టించింది, అదీ వాక్యం లోంచి ఊడబీకి, విడిగా. జల, పట్ట, గణ. విడిగా తీసిన రెండక్షరాల ముక్కకు తెలుగులోనో సంస్కృతంలోనో ఏదో ఒక అర్థం దొరక్క మానదు. గడగడలో గడ ఉంది, కర్ర. పటపటలో పట ఉంది, బట్ట. కరకరలో కర ఉంది, చెయ్యి. మలమల, ధనధన, పరపర, అన్నిటికీ అంతే. ఈ పద్ధతిలో పోతే తెలుగులో అనుకరణ పదమే మిగలదు.

కాబట్టి నియమాన్ని మార్చలేదు. దాన్ని ఎక్కడ పెట్టి చూడాలో మార్చాం. ముందు సగం కొట్టేసి, వెనక సగాన్ని అదే వాక్యంలో ఉంచి చదవాలి. వాక్యం నిలబడి, బలం కాస్త తగ్గినా విషయం అదే అయితే ద్విరుక్తం. వాక్యం కూలిపోతే అనుకరణ.

‘కన్నీళ్లు జలజల రాలాయి’. ముందు సగం కొట్టేస్తే ‘కన్నీళ్లు జల రాలాయి’. తెలుగువాళ్లెవరూ అలా అనరు. పైగా ఆకులు జలజల రాలతాయి, ముత్యాలు జలజల రాలతాయి, వాటిలో నీళ్లెక్కడ? ‘గంటలు గణగణ మోగాయి’ని ‘గంటలు గణ మోగాయి’ అంటే అదీ కూలింది. ‘వేడివేడి అన్నం’ నుంచి ‘వేడి అన్నం’ మిగిలింది, నిలబడింది. ‘పట్టపగలు దొంగలు పడ్డారు’లో ముందు సగం ‘పట్ట’ కొట్టేస్తే ‘పగలు దొంగలు పడ్డారు’. ఇదీ నిలబడింది. ప్రశ్నలో వాక్యం ఇవ్వకుండా పదం ఒక్కటే ఇస్తే, ఆ పదంతో నోటికి వచ్చే మొదటి వాక్యాన్ని మనమే అనుకోవాలి.

వెనక సగమే ఎందుకు? దీనికి రెండు కారణాలు ఉన్నాయి, రెండూ పదాల నడక లోంచి వచ్చినవే. తెలుగులో విభక్తి గానీ, బహువచనం గానీ, ‘గా’ గానీ చేరేది పదం చివర. ‘రకరకాలు’లో ‘రక’ విడిగా మాట కాదు, ‘రకాలు’ మాట. ‘తరతరాలు’లో తర కాదు, తరాలు. ‘ఇంటింటికి’లో వెనక సగం ‘ఇంటికి’. ముందు సగం చూసేవాళ్లు రకరకాలను అనుకరణలో పడేసి గణగణను ద్విరుక్తంలో పడేస్తారు, ఒకే తప్పు రెండు వైపులా. రెండో కారణం: ద్విరుక్తంలో రూపం మారితే చాలాసార్లు మారేది ముందు సగమే. పట్టపగలు, నట్టనడుమ, చిట్టచివర, చెల్లాచెదరు, తునాతునకలు, వీటన్నిట్లో వెనకది చెక్కుచెదరకుండా ఉంటుంది.

వ్యాకరణం కూడా ఈ వెనక సగానికి ప్రత్యేకంగా పేరు పెట్టింది. దాని పేరే ఆమ్రేడితం. పాణిని ఎనిమిదో అధ్యాయం మొదట్లో, రెండుసార్లు చెప్పడం గురించి మొదలుపెట్టి, వెంటనే రెండో సూత్రంలో ఆ రెండింటిలో పరమైనదాన్ని ఆమ్రేడితం అన్నాడు. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ అదే అర్థం. అంటే ద్విరుక్తం, ఆమ్రేడితం ఒకటి కావు. రెండుసార్లు పలకడం ద్విరుక్తం. ఆ రెండోసారి పలికినది ఆమ్రేడితం. ‘ఔరౌర’లో ఆమ్రేడితం ఏది అని అడిగితే జవాబు రెండో ‘ఔర’ మాత్రమే. ఆప్షన్లలో ‘ఔరౌర’ మొత్తం పదాన్నీ పెడతారు, చాలామంది దాని మీదే టిక్ పెడతారు. ఈ పత్రంలో ఆ ప్రశ్న రాలేదు. వచ్చి ఉంటే ఆరో తప్పు అదే అయ్యేదేమో.

ఇక్కడే మరో పేరు కూడా తికమక పెడుతుంది. ద్విత్వం వేరు. అక్క, అమ్మ, కన్ను వీటిలో ఉన్నది ఒక హల్లుకు అదే హల్లు ఒత్తు కావడం. మాట రెండుసార్లు రాలేదు. ‘ద్విరుక్తానికి ఉదాహరణ’ అని అడిగి ‘అమ్మ’ను ఒక ఆప్షన్‌గా ఇస్తే అది వల. అయితే సంధి పేరులో ఉన్న ‘ద్విరుక్త టకారం’లో ద్విరుక్తం అనే మాట అక్షరానికి చెప్పిందే, ‘ట్ట’ అని. ఒకే మాటను ఒకచోట పదానికీ ఒకచోట అక్షరానికీ వాడారు, కాబట్టి తడబడటంలో పిల్లల తప్పేమీ లేదు.

ఏడో బిట్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ‘పట్ట + పగలు’ చూడటానికి అంత సహజంగా ఉంటుంది. సూత్రం అందరికీ నోటికి వస్తుంది: ఆమ్రేడితం పరమైతే కడాదుల తొలి అచ్చు మీది వర్ణాలకు అన్నిటికీ అదంతమైన ద్విరుక్త టకారం వస్తుంది. నోటికి వచ్చినంత తేలిగ్గా చేతికి రాదు. పెన్నుతో వేసి చూడాలి.

మొదట పదాన్ని రెండుసార్లు రాయాలి: పగలు + పగలు. ముందు పదంలో తొలి అచ్చు ఎక్కడుంది? ‘ప’లో ఉన్న అకారం. సూత్రంలో ‘మీది’ అంటే ‘తరవాతి’ అని. పైన ఉన్నది అని కాదు. ఆ అచ్చు తరవాతి అక్షరాలు ‘గలు’. వాటిని అడ్డంగా కొట్టేసి ఆ చోట ‘ట్ట’ రాయాలి. ‘అదంతం’ అన్నారు కాబట్టి ట్టు కాదు, ట్టి కాదు, అకారంతో ముగిసే ‘ట్ట’. ప + ట్ట = పట్ట. దాని వెనక చెక్కుచెదరని పగలు. పట్టపగలు. ఇదే వరసలో నడుమ + నడుమలో ‘డుమ’ పోయి నట్టనడుమ, చివర + చివరలో ‘వర’ పోయి చిట్టచివర, మొదట + మొదటలో ‘దట’ పోయి మొట్టమొదట, బయలు + బయలులో ‘యలు’ పోయి బట్టబయలు. చిట్టచివరలో ‘చి’, మొట్టమొదటలో ‘మొ’ ఎందుకు మిగిలాయో ఇప్పుడు తెలుస్తుంది: తొలి అచ్చు దాకా ఉన్నది ఉంటుంది, దాని తరవాతిదే పోతుంది. అలా నాలుగైదు పదాలు చేత్తో కొట్టి రాస్తే ‘పట్ట’ అనేది విడి పదం కాదని, పగలుకే పట్టిన రూపం అని కంటికి ఆనుతుంది. ఆ తరవాత రెండో బిట్లో పట్టపగలు కూడా తనంతట తనే సర్దుకుంది. ఒక్క బిట్ సరిచేస్తే రెండు సరి అయ్యాయి.

చెల్లాచెదరు, తునాతునకలు ‘ట్ట’ వచ్చే వరసలోవి కావు, కాని అవీ చెదరు, తునకలు రెండుసార్లు వచ్చినవే. వెనక సగం బతికే ఉంటుంది కాబట్టి పరీక్షకు దొరికిపోతాయి. మిరుమిట్లు మాత్రం దొరకదు. ‘మిట్లు’ అనే మాట ఇప్పుడు ఎవరి నోటా లేదు, కాబట్టి వెనక సగం కూలుతుంది, అనుకరణ అనిపిస్తుంది. వ్యాకరణం దాన్ని ద్విరుక్తం అనే చెబుతుంది. ఇలాంటివి లెక్కకు కొన్నే. వాటిని కంఠతా పెట్టుకోవడం తప్ప దారి లేదు.

నాలుగో బిట్‌ది వేరే కథ. అక్కడ ఆమె ముందు సగం చూడలేదు, పదం తోక చూసింది. అనుకరణ పదాలు క్రియా విశేషణంగా వచ్చేటప్పుడు చివర దీర్ఘం తీసుకుంటాయి: గలగలా, గబగబా, చకచకా, టపటపా. అర్థం ఉన్న మాటలు అదే పనికి ‘గా’ తీసుకుంటాయి: మెల్లమెల్లగా, చిన్నచిన్నగా, వేడివేడిగా. ఈ తేడాను ఆమె ఎక్కడో గమనించింది, మంచి గమనింపే. అందుకే ‘బిన్నాబిన్నా’లో దీర్ఘం చూడగానే అనుకరణ అనుకుంది. ఆ ప్రశ్న కూర్చినవాళ్లు నాలుగు ఆప్షన్లలోనూ దీర్ఘమే పెట్టారు: బిన్నాబిన్నా, ఊరూరా, కుతకుతా, ఏటేటా. తోకను నమ్మేవాళ్లను పట్టుకోవడానికే ఆ బిట్.

ఆ నాలుగు దీర్ఘాలూ మూడు రకాలు. ఊరూరా, ఏటేటా అనే వాటిలో ఉన్నవి ‘ఊర’, ‘ఏట’, అంటే ఊరిలో, ఏడాదిలో అనే పాత సప్తమి రూపాలు. వాటి మీద ‘కూడా’ అనే అర్థం ఇచ్చే ఉకారం చేరి దీర్ఘం అయ్యాయి. ‘ఇంటా బయటా’లో ఉన్న దీర్ఘమూ ఇదే, అక్కడ రెట్టింపు లేకుండానే వచ్చింది. కుతకుతాలో దీర్ఘం అలా వచ్చింది కాదు. అది ‘కుతకుతమని’కి బదులుగా నిలిచేది. మార్చి చూస్తే తెలుస్తుంది: ‘పులుసు కుతకుతమని ఉడుకుతోంది’ అనొచ్చు. ‘ఏటేటమని తిరునాళ్ల జరుగుతుంది’ అనలేం. ఇక బిన్నా: నెల్లూరు వైపు ఇళ్లల్లో ‘బిన్నా రా’ అంటే త్వరగా రా అని. ముందు సగం కొట్టేస్తే ‘బిన్నా నడవండి, బస్సు పోతుంది’. ఆమె నవ్వింది, రోజూ అనే మాటే, కాగితం మీద చూసేసరికి గబగబా లాగా కనిపించింది. వేరే జిల్లాల అభ్యర్థికి ఆ మాటే తెలియకపోవచ్చు, అప్పుడు ఈ ఆప్షన్ అన్యాయం. యాస మాటతో ఇలాంటి బిట్ పెట్టడం సాధన పత్రం వరకే బాగుంటుంది.

‘మని’ చేర్చి చూడటం ఒకవైపే పనిచేసే కొలత అని కూడా చెప్పాలి. గలగలమని, చిటపటమని, తళతళమని, ఇవి ఇముడుతాయి కాబట్టి అనుకరణలే. గబగబమని, గజగజమని అంటే చెవికి అంత ఆనవు, అయినా గబగబ, గజగజ అనుకరణలే. ఇమిడితే ఖాయం, ఇమడకపోతే ఏమీ తేలనట్టు.

దీనికన్నా గట్టి సాక్ష్యం మరోటి ఉంది. అనుకరణ పదంలో సగం ఒంటరిగా రావాలంటే వేషం మార్చుకుని వస్తుంది. గబగబ నుంచి గబుక్కున, తళతళ నుంచి తళుక్కున, టపటప నుంచి టప్పున, దబదబ నుంచి దబ్బున, ఫెళఫెళ నుంచి ఫెళ్లున, జలజల నుంచి జల్లున. వరసగా జరిగితే రెట్టింపు రూపం, ఒక్కసారి జరిగితే ఈ ‘న’ రూపం. సోమశిల గేట్లు ఎత్తితే నీళ్లు దబదబా దూకుతాయి. బిందె చేతిలోంచి జారితే దబ్బున పడుతుంది. అర్థం ఉన్న ద్విరుక్తాలకు ఈ వేషం లేదు: చిన్నచిన్న నుంచి ‘చిన్నుక్కున’ రాదు. జలజల ద్విరుక్తమా అనుకరణమా అని ఇంకా అనుమానం ఉంటే ‘వాన జల్లున కురిసింది’ అని ఒకసారి అనుకుంటే చాలు. అన్నిటికీ ఇలాంటి ఒంటరి రూపం ఉండదు, కుతకుతకు లేదు. ఉడకడం ఒక్కసారితో అయ్యే పని కాదు గదా.

అయిదో బిట్‌కి వద్దాం. ఇక్కడ ఆమె పొరపాటు చిన్నది, కాని పరీక్షల్లో బాగా తరచుగా కనిపించేది. చిన్నచిన్న ద్విరుక్తమే, అందులో రెండో ‘చిన్న’ ఆమ్రేడితమే, అయినా ఆమ్రేడిత సంధి కాదు. సంధి జరగాలంటే ముందు పదం చివరి అచ్చుకు ఆమ్రేడితంలోని మొదటి అచ్చు తగలాలి. చిన్న + చిన్నలో రెండోది ‘చ’తో మొదలయింది. హల్లు. అక్కడ కలవడానికి ఏమీ లేదు, రెండు మాటలు పక్కపక్కన నిలబడ్డాయంతే. అప్పుడు + అప్పుడులో మొదటి దాని చివరి ఉకారం పోయి రెండోదాని అకారం నిలిచింది: అప్పుడప్పుడు. ఔర + ఔర = ఔరౌర, ఏమి + ఏమి = ఏమేమి, ఎంత + ఎంత = ఎంతెంత. కాబట్టి ఈ రకం బిట్లో చేయాల్సింది ఒక్కటే, వెనక సగం మొదటి అక్షరం అచ్చా హల్లా చూడటం. గలగల, చిన్నచిన్న, వేడివేడి ఒక్క చూపులో పోతాయి. ఇదీ వెనక సగం సంగతే, కాని అర్థంతో పని లేదు. అందుకే దీన్ని మొదట్లో దగ్గరి చుట్టం అన్నది.

ఏమేమి దగ్గర మరో సందేహం వస్తుంది. ఇకారం పోయింది కాబట్టి ఇత్వ సంధి అనకూడదా? అనిపించడం సహజమే, ఆప్షన్లలో ఇత్వ సంధి ఉంటుంది కూడా. ఒకే పదం రెండుసార్లు వచ్చినప్పటి కోసమే సూరి విడిగా సూత్రం చేశాడు. ప్రత్యేకంగా చెప్పినది ఉండగా సామాన్యంగా చెప్పినదాని దగ్గరకు పోనక్కర్లేదు. జవాబు ఆమ్రేడిత సంధి.

ఎనిమిదో బిట్లో గణగణ సంగతి తేలిపోయింది. కాని తళతళ ఎందుకు జవాబో కూడా చూడాలి, లేకపోతే వచ్చేసారి గజగజ దగ్గర పోతుంది. గలగల అన్నప్పుడు గాజులు చేసే చప్పుడును నోటితో చేస్తున్నాం. ఒంగోలు గిత్త మెడలో గంట గణగణ అంటుంది, పిచ్చుక కిచకిచ అంటుంది, నిజంగా చెవికి వినపడేవి. తళతళ మెరిసే గిన్నె ఏ చప్పుడూ చెయ్యదు. గజగజ వణికేవాడి ఒంట్లోంచి గజగజ అనే శబ్దం రాదు. అవి కంటికి కనిపించేదాన్ని, ఒంటికి తెలిసేదాన్ని చప్పుడుగా మార్చి చెప్పేవి. నిగనిగ, మిలమిల, ధగధగ చూపువి, గరగర తాకుడుది, నకనక ఆకలిది. వ్యాకరణంలో అన్నీ అనుకరణ పదాలే. అందుకని ప్రశ్నలో ‘అనుకరణ’ అని ఉందా, ‘ధ్వన్యనుకరణ’ అని ఉందా అన్నది రెండుసార్లు చదవాలి. వట్టి ‘అనుకరణ’ అంటే తళతళ లోపల ఉంటుంది, ‘ధ్వనిని అనుకరించేది’ అంటే బయట ఉంటుంది. ‘ఈ మాట వినిపిస్తుందా?’ అని ఒక్క ప్రశ్న వేసుకుంటే తెగిపోతుంది.

సరిగ్గా పెట్టిన అయిదింటి గురించి పెద్దగా చెప్పేది లేదు. ‘ఇంటింటికీ పింఛను అందింది’లో ప్రతి అనే అర్థం, ‘నవ్వి నవ్వి కడుపు నొచ్చింది’లో ఆపకుండా అనే అర్థం, ఇవి ఆమె వెంటనే పట్టుకుంది. ద్విరుక్తం ఏ అర్థంలో వచ్చింది అనే ప్రశ్నలు సాధారణంగా అందరికీ తేలికే, ఎందుకంటే అక్కడ వాక్యం ఎదురుగా ఉంటుంది.

ఇక ఈ వెనక సగం పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా ఆమెకు చూపించాల్సి వచ్చింది. పులీగిలీ, డబ్బూగిబ్బూ లాంటివి మొదటి చోటు. ‘గిబ్బు ఉందా?’ అంటే వాక్యం కూలుతుంది. అంతమాత్రాన డబ్బూగిబ్బూ అనుకరణ కాదు. ఇక్కడ ముందు సగం బతికి ఉంది, వెనకది దానికి నీడ, మొదటి అక్షరం తీసేసి ‘గి’ పెట్టినది. తడ దాటి తమిళ ఊళ్లోకి వెళ్లినా ఇదే పద్ధతి వినిపిస్తుంది, అక్కడ ‘పులి కిలి’ అంటారు. కాబట్టి పరీక్షకు ముందు ఒక చూపు: వెనక సగం ‘గి’తోనో ‘గీ’తోనో మొదలై, మిగతాది ముందు సగాన్ని అనుసరిస్తుంటే అది ఈ నీడ పదం, దాన్ని పక్కన పెట్టాలి. రెండో చోటు చెట్టుచేమ, గొడ్డూగోదా వంటి జంటపదాలు. రెండు సగాలు రెండు వేరువేరు మాటలు. ఇవి ద్విరుక్తమూ కావు, అనుకరణమూ కావు. చిటపట మాత్రం వీటిలా కనిపించే అనుకరణ. సగాలు ఒకటి కాకపోయినా, ‘చిట’ గానీ ‘పట’ గానీ వాక్యంలో విడిగా నిలబడదు. రెండూ కూలితే అనుకరణ, రెండూ నిలబడితే జంటపదం, వెనకది మాత్రమే కూలితే నీడ. సగాలు ఒకేలా లేని పదాలకు ఈ లెక్క దాదాపు ఎప్పుడూ పనికొస్తుంది.

మూడో చోటు పదంలో లేదు, ప్రశ్నలో ఉంది. గలగలను రూపం బట్టి చూస్తే అదీ రెండుసార్లు పలికినదే. అలాంటప్పుడు ‘ద్విరుక్తం కానిది’ అనే ప్రశ్నకు జలజల జవాబు ఎలా అవుతుందని ఆమె అడిగింది, అడగాల్సిన ప్రశ్నే. మిగిలిన మూడు ఆప్షన్లే దీనికి జవాబు. వేడివేడి, ఇంటింటికి, పట్టపగలు మూడూ అర్థం ఉన్న మాటలు రెట్టింపు అయినవి. జలజల ఒక్కటే అర్థం లేనిది. అంటే ప్రశ్న వేసినవాళ్లు అర్థాన్ని గీటురాయిగా పెట్టారు. అదే ప్రశ్నలో వేడివేడి, గలగల, ఇంటింటికి, చెట్టుచేమ ఇస్తే? అప్పుడు అసలు రెట్టింపే కానిది ఒకటి ఉంది, చెట్టుచేమ. జవాబు అదే. ముందు ‘రెట్టింపు కానిది ఉందా’ అని నాలుగు ఆప్షన్లూ చూసి, లేకపోతేనే అర్థం దగ్గరకు వెళ్లాలి. ఈ వరస తప్పితే ప్రశ్నే తప్పు అనిపిస్తుంది.

టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. గణితం బిట్లకు నిమిషం చాలదు, ఆ లోటు పూడ్చాల్సింది తెలుగు బిట్ల దగ్గరే. అందుకని ఈ పరిశీలన పెన్ను ఎత్తకుండా, పెదవులు కదిలేంతలో జరగాలి. ఆమె చేత వారం రోజులు చేయించిన అభ్యాసం ఇంతే: ఇంట్లో, బస్సులో, వంట దగ్గర చెవిన పడిన రెట్టింపు మాటలను రోజుకు పది రాసుకోవడం, ఒక్కొక్క దాని ముందు సగం పెన్నుతో కొట్టేసి మిగిలిన వాక్యాన్ని పైకి చదవడం. రాసుకున్న వాటిలో తప్పుబోయినవి రెండే: ‘దడదడ’, ‘కళకళ’.

దడదడను ఆమె ద్విరుక్తం అంది, ‘గుండె దడ’ అంటాం కాబట్టి. ఇది తన వాక్యం మార్చుకోవడం వల్ల వచ్చిన తప్పు. రాసుకున్న వాక్యం ‘గుండె దడదడా కొట్టుకుంది’. అందులోనే ముందు సగం కొట్టేయాలి: ‘గుండె దడా కొట్టుకుంది’. కూలింది. వేరే వాక్యంలో దడ అనే నామవాచకం ఉండటం ఇక్కడ సాక్ష్యం కాదు.

కళకళ అలా తెగలేదు. ‘ఇల్లు కళకళలాడుతోంది’లో సగం కొట్టేస్తే ‘కళలాడుతోంది’, కూలుతుంది. తీరు చూస్తే గలగలలాడు, చిటపటలాడు వరసే, అనుకరణ. అయితే ‘ఇల్లు కళగా ఉంది’ అంటాం, రెండు చోట్లా అర్థం దాదాపు ఒకటే, దడ లాగా దూరం పోలేదు. ఒక గైడ్‌లో అనుకరణ అని, మరో గైడ్‌లో ద్విరుక్తం అని ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. మా మాట అడిగితే ‘లాడు’ చేరే తీరును బట్టి అనుకరణ వైపే మొగ్గుతాం. పరీక్షలో అది వస్తే మాత్రం మొదట మిగతా మూడు ఆప్షన్లు తేల్చుకోవాలి. చాలాసార్లు వాటిలోనే ఖాయమైన జవాబు దొరుకుతుంది, కళకళను తాకే పని ఉండదు. దొరక్కపోతే అనుకరణ కిందే పెట్టి ముందుకు పోవాలి. ప్రాథమిక కీ వచ్చాక అది వేరేగా ఉంటే, అభ్యంతరం రాసేటప్పుడు ‘నాకు ఇలా అనిపించింది’ అని కాక, ‘కళలాడు’ అనే రూపం లేదనీ, ‘గలగలలాడు’తో సమానంగా నడుస్తోందనీ రెండు ముక్కల్లో రాయాలి.

వారం తరవాత ఇచ్చిన రెండో పది బిట్లలో ఆమెకు తొమ్మిది వచ్చాయి. పోయిన ఒక్కటి మిరుమిట్లు.